కర్నూలు మునిగింది, మరి ‘మునగబడింది’ అనొచ్చా?

కర్నూలులో డీఎస్సీకి చదివే పిల్లలకు వ్యాకరణం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. “బాలుడు నిద్రించెను” అనే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చమంటే ఏం రాయాలి? ఒకరు “బాలుని చేత నిద్రించబడెను” అని రాస్తారు. ఇంకొకరు “బాలుడు నిద్రించబడెను” అంటారు. కొంచెం గట్టిగా చదివినవాళ్ళు “మార్చలేం, అది అకర్మక క్రియ” అని రాసి మార్కు తెచ్చుకుంటారు.

మార్కు వరకు ఆ మూడో జవాబు చాలు. కానీ ఎందుకు మార్చలేం అని అడిగితే “కర్మ లేదు కదా సార్” అంటారు. అది సగం జవాబే. కర్మ లేకపోవడమే అడ్డయితే ప్రపంచంలో ఏ భాషలోనూ ఇలాంటి వాక్యం ఉండకూడదు. కానీ ఉంది. ఎక్కడో కాదు, మన వ్యాకరణ పరిభాష అంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సంస్కృతంలోనే ఉంది. “బాలకేన సుప్యతే” అంటారు. మాటకు మాట పెడితే “బాలుని చేత నిద్రించబడుతోంది” అని. అంటే మొదటి పిల్లవాడు రాసింది సంస్కృతంలో రాసుంటే ఒప్పే. తెలుగులో తప్పయింది. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందు మామూలు కర్మణి వాక్యం ఏం చేస్తుందో చూడాలి. “హమాలీలు బస్తాలు దించారు.” ఇందులో ఇద్దరున్నారు. పని చేసినవాళ్ళు హమాలీలు, పని తమ మీద జరిగినవి బస్తాలు. “బస్తాలు హమాలీల చేత దించబడ్డాయి” అన్నప్పుడు రెండు మార్పులు ఒకేసారి జరుగుతున్నాయి. చేసినవాళ్ళు కర్త స్థానం నుంచి తప్పుకుని ‘చేత’ తగిలించుకుని పక్కకు వెళ్ళారు. కావాలంటే వాళ్ళను పూర్తిగా వదిలేయొచ్చు కూడా. “బస్తాలు దించబడ్డాయి” అన్నా వాక్యం నిలుస్తుంది. ఇది మొదటి మార్పు. ఖాళీ అయిన చోటికి బస్తాలు వచ్చి కూర్చున్నాయి, క్రియ వాటికి తగ్గట్టు ‘దించబడ్డాయి’ అని మారింది. ఇది రెండోది. మాట్లాడేటప్పుడు ఇలా ఎవరూ అనరు, అది వేరే సంగతి. ‘బడు’ నిజంగా బతికేది దుకాణాల బోర్డుల మీద: “ఇచ్చట పాత ఫ్రిజ్‌లు కొనబడును”, “గదులు అద్దెకు ఇవ్వబడును.” అక్కడా చూడండి, కొనేవాడు మాయం, కొనే వస్తువు ముందు.

ఒకరిని దించడం, ఇంకొకరిని ఎక్కించడం అనే ఈ రెండు పనులనూ విడివిడిగా గుర్తుంచుకుంటే అకర్మక క్రియల చిక్కు విప్పడం తేలిక. ఎందుకంటే అకర్మక క్రియలన్నీ ఒక రకం కాదు.

2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు కర్నూలు మునిగింది. ‘మునుగు’ అకర్మకం. అదే రోజుల్లో ఎవరో ఒక మనిషి నీళ్ళలో ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడనుకుందాం. ‘ఈదు’ కూడా అకర్మకమే. బడిలో రెండింటినీ ఒకే వరుసలో రాయిస్తారు. కానీ ఈదినవాడు ఒక పని చేశాడు. కాళ్ళూ చేతులూ ఆడించాడు, కావాలంటే ఆపేయగలడు. కర్నూలు మాత్రం ఏమీ చేయలేదు. దానికి ఏదో జరిగింది. రెండు వాక్యాల్లోనూ ఒక్కడే ఉన్నా, ఈదిన చోట ఉన్నది చేసేవాడు, మునిగిన చోట ఉన్నది అనుభవించేది. బస్తాల వాక్యంతో పోలిస్తే ఈదినవాడు హమాలీ వైపు, కర్నూలు బస్తా వైపు. పేర్లు పెట్టుకోవాలంటే ఈదు, నవ్వు, అరుచు, నడుచు, ఎగురు లాంటివాటిని ‘చేసే అకర్మకాలు’ అనీ, మునుగు, కూలు, ఎండు, కాలు, వాడు, పండు లాంటివాటిని ‘అయ్యే అకర్మకాలు’ అనీ అందాం.

ఇప్పుడు కర్మణి ప్రయోగం ఈ రెండింటి మీదా వేసి చూద్దాం. భాషాశాస్త్రంలో చెల్లని వాక్యానికి ముందు నక్షత్రం పెట్టే అలవాటుంది, ఇక్కడా అదే వాడుతున్నాను.

*అతని చేత ఈదబడింది.
*కర్నూలు మునగబడింది.

రెండూ తప్పే. కానీ ఒకే కారణం వల్ల కాదు. మొదటి వాక్యంలో పక్కకు జరపడానికి చేసేవాడు ఉన్నాడు, జరిపాం కూడా. అయితే ఖాళీ అయిన చోటికి రావడానికి ఎవరూ లేరు. రెండో వాక్యంలో తిరకాసు అటువైపు ఉంది. పక్కకు జరపడానికి అసలు చేసేవాడే లేడు. ఉన్న ఒక్క కర్నూలూ మొదటి నుంచీ అనుభవించేదే, అది ముందే కర్త స్థానంలో ఉంది. కర్మణి ప్రయోగం చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు.

కావాలంటే ‘మునుగు’ బదులు దాని సకర్మక రూపం ‘ముంచు’ తీసుకోండి. “కర్నూలు వరద చేత ముంచబడింది.” వినడానికి అనువాదంలా ఉన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ముంచేదొకటి, మునిగేదొకటి, ఇద్దరూ ఉన్నారు కాబట్టి. తెలుగులో అయ్యే అకర్మకాలకు ఇలాంటి జంట చాలా వరకు సిద్ధంగా ఉంటుంది: కూలు-కూల్చు, కాలు-కాల్చు, ఆగు-ఆపు, దిగు-దించు. బోర్డు రాసేవాడు “బస్సులు ఇచ్చట ఆగబడును” అని రాస్తే తప్పు, “ఆపబడును” అని రాస్తే ఒప్పు. “ఆగును” అని రాస్తే ఇంకా హాయి.

సంస్కృతం సంగతికి వద్దాం. పాణిని అష్టాధ్యాయిలో 3.4.69 సూత్రం “లః కర్మణి చ భావే చాకర్మకేభ్యః” అంటుంది. ఇందులో మనకు కావలసిన ముక్క ఇది: సకర్మక ధాతువులకైతే క్రియాప్రత్యయం కర్తనో కర్మనో చెబుతుంది. అకర్మకాలకైతే కర్తను చెబుతుంది, లేదా ‘భావాన్ని’ చెబుతుంది. భావం అంటే ఇక్కడ ఫీలింగ్ కాదు, ఉత్త పని. ఎవరు చేశారన్నది క్రియలో కనబడదు. అందుకే దీన్ని భావే ప్రయోగం అన్నారు. క్రియ ఎప్పుడూ ప్రథమ పురుష ఏకవచనంలోనే ఉంటుంది. “బాలకేన సుప్యతే”, “బాలకైః సుప్యతే”, “మయా సుప్యతే”. ఒక పిల్లవాడు నిద్రపోయినా, పదిమంది పోయినా, నేనే పోయినా ‘సుప్యతే’ మారదు. కర్త తృతీయా విభక్తిలోకి వెళ్ళిపోయాడు, ఆ చోటికి ఎవరూ రాలేదు, క్రియ ఎవరితోనూ పొసగనక్కరలేకుండా తటస్థంగా నిలబడింది. అంటే సంస్కృతం కర్మణి రూపానికి మొదటి పని ఒక్కటి జరిగితే చాలు. రెండోది జరగకపోయినా పట్టించుకోదు.

ఏవి అకర్మకాలో గుర్తుపెట్టుకోవడానికి సంస్కృతం చదివేవాళ్ళు ఒక శ్లోకం బట్టీ పడతారు: “లజ్జా సత్తా స్థితి జాగరణం వృద్ధి క్షయ భయ జీవిత మరణమ్, శయన క్రీడా రుచి దీప్త్యర్థం ధాతుగణం తమకర్మకమాహుః.” దీన్ని జాగ్రత్తగా చదవండి. క్రీడ అంటే ఆడుకోవడం, అది చేసే అకర్మకం. వృద్ధి, క్షయం, మరణం అయ్యేవి. శ్లోకం వీటన్నిటినీ ఒకే గంపలో వేసింది. సంస్కృతానికి అది ఇబ్బంది కాలేదు, ఎందుకంటే దాని భావే ప్రయోగం చాలా ఉదారం. ‘ఉండు, అవు’ అనే అర్థమున్న ‘భూ’ ధాతువుకు కూడా ‘భూయతే’ అని రూపం వస్తుంది. పాణిని సూత్రాలను వివరించే సిద్ధాంతకౌముదిలో భావే ప్రయోగానికి ఇచ్చే ఉదాహరణ అదే.

అన్ని భాషలూ అంత ఉదారంగా ఉండవు. జర్మన్‌లో “ఎస్ వుర్డ గెటాన్ట్స్‌ట్” అనొచ్చు. “డాన్స్ చేయబడింది” అని, అంటే అక్కడున్నవాళ్ళు డాన్స్ చేశారని. కానీ నీటిలో మునిగి చావడాన్ని చెప్పే క్రియతో అదే అచ్చులో “ఎస్ వుర్డ ఎర్‌ట్రుంకెన్” అంటే జర్మన్లు ఒప్పుకోరు. డచ్చి భాషలోనూ ఇంతే. డాన్స్ చేయడం, ఈల వేయడం కుదురుతాయి, పెరగడం, మునగడం కుదరవు. 1978లో డేవిడ్ పెర్ల్‌మట్టర్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఈ తేడాను పట్టుకుని ఒక వ్యాసం రాశాడు. అకర్మక క్రియలు లోపల రెండు రకాలనీ, అయ్యే రకంలో పైకి కర్తలా కనిపించేది నిజానికి లోపల కర్మేననీ ఆయన వాదం. మునిగిన ఊరు బస్తాల పక్షం అని పైన అన్నది ఆ ఆలోచనే. డచ్చి భాషలో కర్మ లేకపోవడం ఈ ప్రయోగానికి అడ్డు కానే కాదు. చేసేవాడు లేకపోవడమే అడ్డు.

ఏ క్రియ ఏ రకమో తేల్చడానికి మనకు సులువుగా దొరికే పరీక్ష ‘కావాలని’ అనే మాట. “వాడు కావాలని నవ్వాడు” సరిపోతుంది. “చేను కావాలని ఎండింది” అంటే కవిత్వమో కోపమో అయ్యుండాలి. కానీ ఈ పరీక్షను మరీ నమ్ముకోకూడదు. తుమ్ము, దగ్గు కావాలని వచ్చేవి కావు, అయినా పెర్ల్‌మట్టర్ వాటిని చేసే రకంలోనే వేశాడు. నిద్రనూ అక్కడే వేశాడు. ఇంకో చిక్కు, క్రియ ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. వరదలో కర్నూలు మునగడం వేరు. తుంగభద్ర పుష్కరాలకు వచ్చినవాళ్ళు ఘాట్లో మునగడం వేరు. రెండోది ఒక మనిషి ముక్కు పట్టుకుని చేసిన పని.

మళ్ళీ తెలుగుకు వస్తే, మన ‘బడు’ సంస్కృతం కన్నా, జర్మన్ కన్నా కూడా పట్టింపు ఎక్కువున్నది. దానికి రెండు పనులూ జరగాలి. చేసేవాడు పక్కకు పోవాలి, అనుభవించేది ముందుకు రావాలి. ఒక్కటి తక్కువైనా వాక్యం చెల్లదు. “తెలుగులో కర్త లేని వాక్యం ఉండదు, అందుకే” అని కొందరు కారణం చెబుతారు. అది నిలవదు. ఏప్రిల్ నెలలో కర్నూలులో ఎవరినడిగినా “ఉక్కగా ఉంది” అంటారు. ఆ వాక్యంలో కర్త ఎవరు? కాబట్టి తెలుగుకు కర్త లేని వాక్యం అంటే అభ్యంతరం లేదు. అభ్యంతరం ‘బడు’కి ఉంది. అది ‘పడు’ నుంచి వచ్చింది, దెబ్బలు పడటంలోని ‘పడు’. పడేవాడు ఎవడో ఒకడు ఉండాలన్న షరతును అది ఇంకా వదల్లేదు. పక్కనే బళ్ళారి వైపు కన్నడంలో ‘మాడల్పట్టితు’ అన్నా, తమిళంలో ‘సెయ్యప్పట్టదు’ అన్నా లోపల ఉన్నది ఇదే ‘పడు’.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. “మరి నిలబడ్డాడు, కూలబడ్డాడు, తిరగబడ్డాడు, జొరబడ్డాడు? నిలుచు, కూలు, తిరుగు, చొరు ఇవన్నీ అకర్మకాలే కదా, వాటికి ‘బడు’ చేరింది కదా?” మంచి ప్రశ్న. మన ప్రాంతపు ఉదాహరణే తీసుకుందాం. వాన పడ్డాక నల్లరేగడి చేలోకి ట్రాక్టరు తీసుకెళ్తే చక్రం దిగబడుతుంది. దిగు అకర్మకం, ‘అ’ చేరింది, ‘బడు’ చేరింది. రూపం చూస్తే అచ్చం కర్మణి. కానీ ఎవరి చేత దిగబడింది? ఆ ప్రశ్నకు జవాబు లేదు, డ్రైవరును తిట్టుకోవడం తప్ప. “చక్రం డ్రైవరు చేత దిగబడింది” అని ఎవరూ అనరు. దీన్ని బస్తాల ‘దించబడ్డాయి’ పక్కన పెడితే తేడా తెలుస్తుంది. దించబడినప్పుడు దించినవాడు వాక్యంలో లేకపోయినా ఎక్కడో ఉన్నాడు, “ఎవరి చేత?” అని అడగొచ్చు, “జాగ్రత్తగా దించబడ్డాయి” అంటే ఆ జాగ్రత్త బస్తాలది కాదు, హమాలీలది. దిగబడినప్పుడు అలా దాక్కున్నవాడు ఎవడూ లేడు. “గోడ కూలబడింది”, “గోడ కూల్చబడింది” అన్న జంటకూ ఇదే తేడా. పొక్లెయినర్ ఉన్నది రెండో వాక్యంలోనే.

ఇక నిలబడ్డవాడు, తిరగబడ్డవాడు తామే కర్తలు. ఎవరినీ పక్కకు జరపలేదు. ‘బడు’ ఇక్కడ ప్రయోగాన్ని మార్చలేదు, క్రియకు కొత్త అర్థం ఇచ్చింది. తిరగడం వేరు, తిరగబడటం వేరు. కర్మణిలో అర్థం అలా మారకూడదు. చంపినదీ చంపబడినదీ ఒకే హత్య అయి ఉండాలి. ‘కనబడు, వినబడు’ కూడా ఇలా విడిపోయినవే. “నా చేత కనబడింది” అనం, “నాకు కనబడింది” అంటాం. చూసినవాడికి ‘చేత’ కాక ‘కు’ వచ్చిందంటే అది కర్మణి నుంచి బయటికి వచ్చేసినట్టే లెక్క.

ఇంతవరకూ చూస్తే చేసే అకర్మకాల విషయంలో తెలుగు ఏమీ చేయలేదనిపిస్తుంది. కానీ మోకాళ్ళ నొప్పులున్న ముసలాయన్ని అనంతపురంలో “రా తాతా, గుడి దాకా పోదాం” అని పిలిచి చూడండి. “నాచేత నడ్చేకి కాదప్పా” అంటాడు. ‘నాచేత’ వచ్చింది. నడవడం అకర్మకం. చేసేవాడు కర్త స్థానం వదిలి ‘చేత’లోకి వెళ్ళాడు. ‘కాదు’ అనే క్రియ ఎవరితోనూ పొసగలేదు. “మాచేత నడ్చేకి కాదు” అన్నా అది ‘కాదు’గానే ఉంటుంది, సుప్యతే లాగే.

అదే కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ముసలామెను అడిగితే “ముఝ్‌సే చలా నహీఁ జాతా” అంటుంది. ఉర్దూలో ‘జానా’తో కట్టే రూపం కర్మణి రూపమే. ‘చల్నా’ అంటే నడవడం, అకర్మకం. ఆడమనిషి మాట్లాడుతున్నా క్రియ ‘చలా, జాతా’ అని పుంలింగ ఏకవచనంలో ఆగిపోయింది, ఆమెతో పొసగలేదు. ఉర్దూలో అది నికార్సైన భావే ప్రయోగం. చిత్రంగా, ఇది హాయిగా వచ్చేది ‘నహీఁ’తోనే, చేతకానితనం చెప్పడానికే. మన తాత వాక్యం కూడా అంతే.

అయితే తాత వాక్యాన్ని కర్మణి అనేయడానికి లేదు. అందులో ‘బడు’ లేదు. ఉన్న క్రియ ‘కా’, నడవడం దానికి తోడుగా వచ్చింది. ప్రయోగం మార్చకుండానే తెలుగు ఆ పని వేరే దారిన చేసుకుంది. కానీ దీనితో ఒక లాభం ఉంది. జర్మన్‌లో దొరికిన జల్లెడ మనకు ఇక్కడ దొరుకుతుంది. “నాచేత అరిచేకి కాదు”, “నాచేత ఎగిరేకి కాదు”, “నాచేత నవ్వేకి కాదు” అన్నీ సరే. “ఈ కట్టె చేత కాలేకి కాదు”, “చేను చేత పండేకి కాదు” అని ఎవరూ అనరు. “కట్టె కాలదు”, “చేను పండదు” అంటారు. చేసే క్రియలు జల్లెడలోంచి దిగాయి, అయ్యే క్రియలు పైన నిలిచిపోయాయి.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంకో రకం తప్పు వస్తుంది. ఒక మనిషిని చూసి అందరూ నవ్వితే ఆ మనిషినే కర్తగా పెట్టి ఇంగ్లీషులో కర్మణి వాక్యం చెప్పొచ్చు. దాన్ని చూసి “అతను నవ్వబడ్డాడు” అని రాస్తారు. మంచం మీద ఎవరో పడుకుంటే “మంచం పడుకోబడింది” అంటారు. ఇంగ్లీషులో ‘మీద, లో’ లాంటి మాటలు క్రియ పక్కన ఒంటరిగా ఉండగలవు, అందుకని వాటి నామం లేచి కర్త స్థానానికి పోతుంది. మన ‘మీద’, ‘లో’ నామం తోక పట్టుకుని ఉంటాయి. నామం వదిలిపోతే అవి నిలవలేవు. అందుకే మంచం ‘మంచం మీద’గానే ఉండిపోతుంది, కర్త కాలేదు.

దీన్ని మరో తప్పుతో కలపకూడదు. “కబడ్డీ మూడు రోజులు ఆడబడింది” అనేది తప్పు కాదు. ఆడు అకర్మకంగా నేర్చుకున్నా, ఇక్కడ కబడ్డీ అనే కర్మ తగిలింది కాబట్టి సకర్మకం అయింది. అకర్మకమా సకర్మకమా అన్నది నిఘంటువులో చూసి కాదు, ఆ వాక్యంలో చూసి చెప్పాలి.

ఇక మిగిలింది ‘జరిగింది’. ఆఫీసు కాగితాల్లో, టీవీ వార్తల్లో అన్నిటికీ ఇదే మందు: “అధికారులు రావడం జరిగింది”, “కొంతసేపు నడవడం జరిగింది.” కర్త లేకుండా కూడా అకర్మకంతో నడిచే ఈ వాక్యం చూసి, తెలుగుకు భావే ప్రయోగం దొరికిందని అనుకోవచ్చు. జల్లెడ పట్టి చూస్తే అది కాదని తేలుతుంది. “చెట్టు కూలడం జరిగింది”, “ఊరు మునగడం జరిగింది”, “పంట ఎండిపోవడం జరిగింది” అన్నీ సరిపోతాయి. చేసేవాడున్నా లేకపోయినా దానికి ఒకటే. పైగా “అధికారులు రావడం” అన్నప్పుడు అధికారులు కర్తగానే ఉన్నారు, ‘చేత’లోకి పోలేదు. “అధికారుల చేత రావడం జరిగింది” అంటే చెల్లదు. అంటే ఇది ఎవరినీ పక్కకు జరపలేదు. ఒక పూర్తి వాక్యాన్ని నామంగా మార్చి, దాన్నే కర్తగా కూర్చోబెట్టి, ‘జరిగింది’ అని ముగించింది. కాబట్టి డీఎస్సీ పేపరులో “బాలుడు నిద్రించుట జరిగెను” అని రాసి కర్మణి అంటే మార్కు రాదు, రాకూడదు కూడా.